చివరి వాయిదా నాటికి నా వయసెంత?

2022 ఏప్రిల్ 4న మా ముదినేపల్లి కృష్ణా జిల్లాలోంచి ఏలూరు జిల్లాలోకి వెళ్ళింది. ముందు రోజు రాత్రి కృష్ణా జిల్లాలో పడుకున్నవాళ్ళం తెల్లారి ఏలూరు జిల్లాలో లేచాం. ఇల్లు ఉన్నచోటే ఉంది. గుడివాడ బస్సు గుడివాడకీ, భీమవరం బస్సు భీమవరానికీ ఎప్పట్లాగే వెళ్తున్నాయి. ఇంటి అప్పు కాగితాల్లో మాత్రం ఇప్పటికీ ‘ముదినేపల్లి మండలం, కృష్ణా జిల్లా’ అనే ఉంటుంది. ఆ ఏడే, ఆ కాగితాల్లో ఇంకొకటి కూడా జరిగి కూర్చుందని నాకు పద్నాలుగు నెలల తర్వాత గానీ తెలియలేదు.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో మాస్టర్ని. మా తాతల నాటి పెంకుటిల్లు పడగొట్టి ఆ జాగాలోనే కొత్తిల్లు కట్టాను. మాది నల్లరేగడి. వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది. గోడలు లేవకముందే పునాదిలో డబ్బు మింగేసే నేల. పాతిక లక్షలు బ్యాంకు అప్పు తీసుకున్నాను. ఆఖరి విడత 2021 జూన్‌లో చేతికొచ్చింది, వాయిదాలు అప్పటినుంచి మొదలు. అప్పటికి నాకు సరిగ్గా 45 ఏళ్ళు. రిటైర్మెంటు 60కి. అందుకని పదిహేనేళ్ళకే పెట్టమన్నాను. 6.95 శాతం వడ్డీ, నెలకి 22,401 రూపాయలు, చివరి వాయిదా 2036 జూన్. ఆఖరి జీతం, ఆఖరి వాయిదా ఒకే నెలలో. అంత ముచ్చటగా కుదిరిన లెక్క నా జీవితంలో అదొక్కటే.

మా ఊళ్ళో వడ్డీని శాతాల్లో ఎవరూ చెప్పరు. నూటికి నెలకి ఎంత అన్నదే లెక్క. రూపాయిన్నర వడ్డీ అంటారు, రెండు రూపాయల వడ్డీ అంటారు. ఆ లెక్కన నాది 58 పైసల వడ్డీ. మా నాన్న నమ్మలేదు. “అర్ధరూపాయి చిల్లరకి ఎవడిస్తాడ్రా? కాగితం మళ్ళీ చదువు,” అన్నాడు. ఆయన జీవితమంతా సొసైటీ అప్పు, కమీషన్ కొట్టు అప్పు. సార్వాకి తెచ్చింది కుప్ప నూర్చాక కట్టాలి, మిగిలితే దాళ్వాకి కట్టాలి. ఆ అప్పులకి వయసుతో పని లేదు. అప్పిచ్చేవాడు చేనుని చూసేవాడు. నాకిచ్చినవాళ్ళు మొదట అడిగింది పుట్టిన తేదీ.

ఆ పుట్టిన తేదీతో వాళ్ళు ఏం చేస్తారో కాస్త చెప్పాలి, ఎందుకంటే చాలామంది దాన్ని తిరగేసి అర్థం చేసుకుంటారు. ‘యాభై దాటితే ఇంటి అప్పు ఇవ్వరట’ అని మా స్టాఫ్ రూమ్‌లో ఇప్పటికీ అంటారు. అప్పు తీసుకునేనాటి వయసుకి అంత పట్టింపు లేదు. వాళ్ళు చూసేది చివరి వాయిదా నాటి వయసు. స్టేట్ బ్యాంకులో ఆ గీత 70. గరిష్ఠంగా ముప్పై ఏళ్ళ గడువు, లేదా 70 నిండేలోపు, ఏది ముందైతే అది. కొన్ని సంస్థలు జీతగాళ్ళకి రిటైర్మెంటు దగ్గరే గీత గీస్తాయి, వ్యాపారం చేసుకునేవాళ్ళకి ఇంకాస్త దూరం జరుపుతాయి. మా వీధిలో చేపల చెరువులున్న బాబాయికి రిటైర్మెంటే లేదు కాబట్టి, రిటర్నులు చూపించి 70 దాకా సునాయాసంగా తెచ్చుకున్నాడు. చెరువు ఏ తెల్లవారుజామున ఆక్సిజన్ అందక తెల్లగా తేలుతుందో బ్యాంకు వాళ్ళ పట్టికలో లేదు. జీతం ఎప్పుడు ఆగుతుందో మాత్రం ఉంది.

ఆ ‘ఎప్పుడు’ అన్నది కూడా మన రాష్ట్రంలో రాతి మీద చెక్కిందేం కాదు. 1983లో గుడివాడ నుంచి గెలిచి ముఖ్యమంత్రి అయిన మా పక్క నిమ్మకూరు ఎన్టీ రామారావు గారు, వచ్చిన నెల తిరక్కుండానే 58ని 55 చేశారు. చెట్టంత మనుషులు ఫిబ్రవరి ఆఖరుకి ఇంటికొచ్చేశారు. తర్వాత అది మళ్ళీ 58 అయింది. విభజన జరిగిన 2014లో 60 అయింది. నేను అప్పు తీసుకున్న ఆర్నెల్లకి, 2022 జనవరి నుంచి, 62 అయింది. ఆ జీవో వచ్చిన రోజు స్టాఫ్ రూమ్‌లో తిట్టుకున్నవాళ్ళున్నారు, స్వీట్లు పంచినవాళ్ళున్నారు. నేను లోలోపల లడ్డూ తిన్నాను. అప్పు 60కి తీరిపోతుంది, ఆపైన రెండేళ్ళ జీతం పూర్తిగా నాది.

ఆ రెండేళ్ళని ఎవరు తిన్నారో 2023 జూన్‌లో తెలిసింది. ఇన్‌కమ్ టాక్స్ పని మీద వడ్డీ సర్టిఫికెట్ కోసం గుడివాడ వెళ్ళి, పనిలో పనిగా వాయిదాల పట్టిక కూడా ప్రింటు తీయమన్నాను. మొదటి పేజీ చూడలేదు. ఉపాధ్యాయుడి బుద్ధి కదా, చివరి పేజీ తిప్పాను. ఆఖరి వరుసలో ‘జూలై 2041’ అని ఉంది. వేరే వాళ్ళదేదో ఇచ్చారనుకుని పేరు చూశాను. నాదే. 2041 జూలైకి నాకు 65 నిండి నెల దాటుతుంది. జీతం ఆగి మూడేళ్ళు.

బ్యాంకు మోసం చేసిందేమీ లేదు. నాది ఫ్లోటింగ్ వడ్డీ. 2019 అక్టోబరు నుంచి బ్యాంకులిచ్చే ఇలాంటి కొత్త ఇంటి అప్పులన్నీ బయటి కొలబద్దకి, ఎక్కువగా రిజర్వు బ్యాంకు రెపో రేటుకి, ముడిపడి ఉంటాయి. 2022 మే నెలలో 4 శాతం ఉన్న రెపో, మరుసటి ఫిబ్రవరికల్లా ఆరు మెట్లెక్కి 6.5 అయింది. దాని తోక పట్టుకుని నా 6.95 కాస్తా 9.45 అయింది. మా ఊరి భాషలో 58 పైసలు 79 పైసలైంది. రేటు మారినప్పుడల్లా ఫోన్‌కి మెసేజీ వచ్చింది. చూశాను కూడా. వాయిదా మాత్రం అదే 22,401 కాబట్టి, ఏమీ మారలేదనుకున్నాను. వాయిదా పెరగకపోతే పెరిగిన వడ్డీ ఎక్కడికో పోవాలిగా. కాలం మీదికి పోయింది. ఇల్లు కదలకుండా జిల్లా మారినట్టే, వాయిదా కదలకుండా తేదీ మారింది.

ఇరవై ఒక్క పైసలకి అయిదేళ్ళా అని నాకు రాత్రి నిద్ర పట్టలేదు. లేచి పిల్లల రఫ్ నోటుపుస్తకంలో లెక్క వేశాను. మొదటి వాయిదాలో 14,479 వడ్డీకి పోతే 7,900 పైచిలుకు అసలులో తగ్గేది. 2023 జూన్‌కి మిగిలిన అసలు 23 లక్షల 27 వేలు. దాని మీద నెలకి 79 పైసల లెక్కన వడ్డీయే 18,300 దాటింది. అంటే నేను కట్టే 22,401లో అసలుకి పోయేది నాలుగువేల చిల్లర. ఏటికి ఎదురీదినట్టు, రెండేళ్ళు కట్టాక మొదట్లో కంటే సగమే తగ్గుతోంది. ఆ వేగంతో తీరాలంటే 217 నెలలు. మామూలుగా మిగలాల్సింది 156. తేడా 61 నెలలు. కంప్యూటరు తప్పు చెయ్యలేదు.

బ్యాంకు అలారం ఎందుకు మోగలేదో కూడా అప్పుడే అర్థమైంది. వాళ్ళ గీత 70. నా అప్పు 65 దగ్గర ఆగింది. గడువు గీత దాటబోతే అప్పుడు వాళ్ళే పిలిచి ‘మాస్టారూ, వాయిదా పెంచాలి’ అనేవారు. 50 ఏళ్ళ వయసులో ఇరవై ఏళ్ళకి తీసుకున్న నా స్నేహితుడికి అదే జరిగింది. గడువు పొడిగించే చోటు లేక వాయిదా పెరిగింది. అప్పుడు అతన్ని చూసి జాలిపడ్డాను. అసలు జాలిపడాల్సింది నా మీద. 70 అనే గీత బ్యాంకుని కాపాడటానికి గీసింది. నా గీత నా ఆఖరి జీతం. ఆ రెంటికీ మధ్య ఎనిమిదేళ్ళ ఖాళీ ఉంది, ఆ ఖాళీలోకి అప్పు చప్పుడు చెయ్యకుండా నడిచిపోయింది.

ఆ ఖాళీలో బతకడం అందరికీ ఒకటి కాదు. మా పాత హెడ్మాస్టరు గారికి పాత పెన్షను. ఆఖరి జీతంలో దాదాపు సగం నెలనెలా ఖాయంగా వస్తుంది. ఎల్‌ఐసీ హౌసింగ్ ఫైనాన్స్ వాళ్ళ ‘గృహ వరిష్ఠ’ అనే పథకం ఇలాంటి ఖాయమైన పెన్షను వచ్చేవాళ్ళ కోసమే, గడువు 80 ఏళ్ళ వయసు దాకా పెట్టారు. నేను 2004 సెప్టెంబరు ఒకటి తర్వాత చేరినవాణ్ణి, సీపీఎస్ వాణ్ణి. నెలనెలా నా జీతంలో పది శాతం పోగవుతుంది, సర్కారూ కలుపుతుంది. రిటైరయ్యాక అందులో 60 శాతం దాకా చేతికిస్తారు, మిగతా 40తో పెన్షను కొనుక్కోవాలి. ఆ పెన్షనెంతో అప్పటి మార్కెట్టే చెప్పాలి. 62 నిండేసరికి నా అప్పు ఇంకా 7 లక్షల 20 వేలుంటుందని లెక్క తేలింది. ‘ఆ 60 శాతంలోంచి పడేస్తే పోలా’ అని మా కొలీగ్స్ అంటారు. పడెయ్యొచ్చు. కానీ తర్వాతి పాతికేళ్ళ మందులకీ, మనవల ఓణీల ఫంక్షన్లకీ అందులోంచే తియ్యాలి. మంచం కోళ్ళు కోసి పొయ్యిలో పెట్టుకున్నట్టుంటుంది.

ఇంకొకటి చూశాను, దాంతో మిగిలిన నిద్ర కూడా పోయింది. అప్పు తీసుకున్న రోజు వాళ్ళు ఒక ఇన్సూరెన్సు కూడా అంటగట్టారు. ప్రీమియం ఒకేసారి, అదీ అప్పులోనే కలిపి. నేను పోతే అప్పు వాళ్ళు తీరుస్తారు. మంచిదే. అయితే ఆ పాలసీ పాత పట్టిక ప్రకారం ఏటేటా తగ్గుతూ 2036 జూన్‌కి సున్నా అవుతుంది. అప్పు గడువు పెరిగిందని పాలసీ గడువు పెరగదు. కొత్త పట్టిక ప్రకారం 2036 జూన్‌కి నేను బాకీ ఉండేది 10 లక్షల 80 వేల పైన. ఆరోగ్యం సరిగ్గా మొరాయించే వయసులో పాలసీ వెళ్ళిపోతుంది, అప్పు మిగిలిపోతుంది. పాలసీ బాండు బీరువాలో పెట్టుకున్నవాళ్ళు దాని ఆఖరి తేదీ, అప్పు ఆఖరి తేదీ పక్కపక్కన పెట్టి చూసుకోవడం అయిదు నిమిషాల పని. నాకు రెండేళ్ళు పట్టింది.

మర్నాడు మళ్ళీ బ్యాంకుకి వెళ్ళాను. ఫీల్డాఫీసరు కుర్రాడు మంచివాడు, ఎక్కడో నాలాంటి మాస్టారి దగ్గరే చదువుకున్నాడు. “దీనికంత కంగారెందుకు మాస్టారూ, మీ అబ్బాయికి హైదరాబాదులో ఉద్యోగం వచ్చిందన్నారుగా. అతన్ని కో-అప్లికెంట్‌గా పెట్టి కొత్తగా రాసుకుందాం. అతని వయసు కలుస్తుంది కాబట్టి ఇంకా కాలం పెంచొచ్చు, వాయిదా కూడా తగ్గుతుంది,” అన్నాడు.

వాడికప్పుడు 22 ఏళ్ళు. మొదటి జీతంతో వాళ్ళమ్మకి చీర కొన్నాడు, రెండో జీతం ఇంకా రాలేదు.

బస్సెక్కి ఇంటికొస్తూ అదే ఆలోచించాను. తండ్రి అప్పు కొడుకు తీర్చాలన్నది మనకి పాత ధర్మం. తీర్చకపోతే తండ్రికి పైలోకాల్లో గతులుండవని భయపెట్టి మరీ తీర్పించారు, కోర్టులు కూడా దాన్ని చాలాకాలం ఒప్పుకున్నాయి. 2005లో ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కిచ్చిన హిందూ వారసత్వ సవరణ చట్టమే దాన్ని కూడా తీసేసింది. ఆ ఏడు సెప్టెంబరు 9 తర్వాత చేసిన అప్పుకి, కేవలం కొడుకన్న ధర్మం చూపించి కొడుకు మీదికి వెళ్ళడానికి లేదు. ఈ సంగతి నాకు తెలిసిన చాలామంది ప్లీడర్లు ఎప్పుడూ మాట్లాడగా వినలేదు, ఆస్తి వాటా గురించైతే రోజూ మాట్లాడతారు. నేను పోతే నా అప్పు తాకట్టులో ఉన్న ఈ ఇంటిని పట్టుకుంటుంది, నా నుంచి వచ్చిన ఆస్తి మేరకే నా వారసుల్ని పట్టుకుంటుంది. వాడి జీతాన్ని పట్టుకోదు. వాడు కో-అప్లికెంట్‌గా సంతకం పెడితే మాత్రం మొదటి రోజు నుంచి అది వాడి సొంత అప్పు, సగం కాదు, మొత్తం. రేపు వాడు హైదరాబాదులో రెండు గదుల ఫ్లాటు కొనుక్కోబోతే వాడి సిబిల్ రిపోర్టులో ముదినేపల్లి ఇల్లు ముందే కూర్చుని ఉంటుంది, దాని వాయిదా తీసేసి మిగిలినదాన్ని బట్టే వాడికి అప్పిస్తారు. ఇక్కడ నేనొక నెల ఆలస్యం చేస్తే అక్కడ వాడి స్కోరు తగ్గుతుంది. ఇంత చేసీ ఇల్లు నా పేరు మీదే ఉంటుంది. చట్టం కొడుకు నెత్తిమీంచి దించిన మూటని బ్యాంకు ఒక్క సంతకంతో మళ్ళీ ఎత్తుతుంది. దస్తావేజులో వాడికి వాటా ఉండి, వాడే ఇంట్లో ఉండి, ఇష్టపడి పెట్టే సంతకం వేరు. నా వయసుని కప్పిపుచ్చడానికి వాడి వయసు అరువు తెచ్చుకోవడం వేరు.

ఇంట్లో చెప్పాను. మా ఆవిడ పప్పులో తాలింపు వేస్తూ అంతా విని, “ఏవండీ, ఆ 62కి తీరాలంటే నెలకి ఎంత ఎక్కువ కట్టాలి, అది చెప్పండి ముందు,” అంది. ఆ లెక్క మాత్రం నేను వెయ్యలేదు. పదివేలో, పదిహేనువేలో అనుకుని భయపడి వెయ్యలేదు. వేస్తే 24,231 తేలింది. అంటే నెలకి 1,830 రూపాయలు ఎక్కువ. మూడుసార్లు వేశాను. నెలకి పద్దెనిమిది వందల ముప్ఫైకి మూడేళ్ళ పైచిలుకు కరిగిపోతోంది. మొత్తం మీద కట్టేది కూడా అయిదు లక్షల దాకా తగ్గుతుంది. అసలు కిందికి పోయేది నాలుగువేలే కాబట్టి, దాని మీద పద్దెనిమిది వందలు పడితే దాదాపు సగం జోరు పెరిగినట్టు. వడ్డీ మట్టం వరకు మునిగి ఉన్న వాయిదాలో, ఆ మట్టం పైన పడే ప్రతి రూపాయీ నేరుగా అసలుని తింటుంది. మొదటి పేజీలో కనిపించని ఈ సంగతే చివరి పేజీలో అయిదేళ్ళై కనిపించింది.

వాయిదా పెంచమని రాసిచ్చాను. “సిస్టంలో అలా అవదు మాస్టారూ,” అన్నారు మొదట. ఆ ఆగస్టు 18న రిజర్వు బ్యాంకు ఒక సర్క్యులర్ ఇచ్చింది. ఫ్లోటింగ్ రేటు మారినప్పుడు వాయిదా పెంచాలా, గడువు పెంచాలా, రెండూ కాస్త కాస్తా పెంచాలా అన్నది అప్పు తీసుకున్నవాడినే ఎంచుకోనివ్వాలి, స్థిర వడ్డీకి మారే అవకాశమివ్వాలి, ముందుగా ఎంత కట్టినా కట్టించుకోవాలి, ఇంకా ఎన్ని వాయిదాలున్నాయో మూడు నెలలకోసారి చెప్పాలి. పాత అప్పులకి కూడా ఆ ఏడాది ఆఖరులోగా అమలు చెయ్యాలన్నారు. దాన్ని ప్రింటు తీయించి, పిల్లల ప్రోగ్రెస్ కార్డుకి గీసినట్టు ఎర్ర ఇంకుతో గీతలు గీసి తీసుకెళ్ళాను. ఈసారి సిస్టంలో అయింది.

2025లో రెపో దిగడం మొదలుపెట్టింది, డిసెంబరుకి 5.25. నా వడ్డీ 8.2కి, అంటే 68 పైసలకి వచ్చింది. ‘మీ వాయిదా తగ్గించమంటారా’ అని అడిగారు. ఉన్నదున్నట్టు ఉంచమన్నాను. అదే 24,231 కడుతూ పోతే 2037 మొదట్లోనే తీరిపోయేలా ఉంది, రిటైర్మెంటుకి ఏడాది ముందు. రేట్లు మళ్ళీ ఎక్కితే అది 2038 వైపు జరుగుతుంది, ఆ జరిగే చోటు ఇప్పుడు నా జీతం లోపలే ఉంది. డీఏ బకాయిలు పడినప్పుడు కొంత అసలులో వేస్తున్నాను. ఫ్లోటింగ్ వడ్డీ ఇంటి అప్పుకి ముందుగా కడితే జరిమానా లేదు, కాకపోతే వేసిన ప్రతిసారీ ‘గడువు తగ్గించండి, వాయిదా కాదు’ అని రాసివ్వాలి. ఇన్సూరెన్సు లోటు ఇంకా పూడ్చలేదు. 2036 దాటిన ఆ కొద్ది నెలల కోసం విడిగా టర్మ్ పాలసీ తీసుకోవాలా వద్దా అని మా ఆవిడా నేనూ ఇంకా తగువులాడుకుంటున్నాం.

మొన్న సంక్రాంతికి అబ్బాయి వచ్చాడు. అరుగు మీద మా నాన్న ఎండలో కూర్చుని, “ఇల్లు ఎప్పటికి తీరుతుందిరా?” అని అడిగాడు. ముప్ఫై ఏడు మొదట్లో అన్నాను. ఆయనకి సంవత్సరాలు పట్టవు. వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు.

“పదకొండు సార్వాలు.”

“అవును నాన్నా.”

“మధ్యలో మనవడి చేత ఎక్కడా సంతకం పెట్టించలేదుగా?”

“లేదు.”

ఆయన తలూపి, నీడ పడిన కాలుని ఎండలోకి జరుపుకున్నాడు.